గ్రాఫులో సగటు 214, బిల్లులో 476: ఈ 95 పర్సంటైల్ లెక్కలో తేడా ఎక్కడ వస్తోంది?

పద్మాక్షి గుట్ట
హనుమకొండలోనూ, పరకాల రోడ్డు వెంట కొన్ని ఊళ్లలోనూ ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాం. మాకు బ్యాండ్‌విడ్త్ ఇద్దరు ప్రొవైడర్ల నుంచి వస్తుంది. రెండో లింకుకు నెలకు ఇంత అని స్థిరమైన ధర ఉంది, దానితో గొడవ లేదు. గొడవంతా మొదటి లింకుతోనే. అది 1 జీబీపీఎస్ పోర్టు. 400 ఎంబీపీఎస్ కమిట్, ఎంబీపీఎస్‌కు 200 రూపాయలు. కమిట్ దాటితే దాటిన ప్రతి ఎంబీపీఎస్‌కు 300. కొలత 95 పర్సంటైల్ పద్ధతిలో.

అక్టోబరు బిల్లులో 436 అని వేశారు. నవంబరు బిల్లులో 476 అని ఉంది. పన్ను కాకుండా 1,02,800 రూపాయలు. నా గ్రాఫు తెరిచి చూస్తే నవంబరు నెల సగటు 214 మాత్రమే. కమిట్‌లో సగానికి కాస్త పైన, అంతే. అదే గ్రాఫు కింద పర్సంటైల్ అనే వరుసలో 467 అని ఉంది. అంటే ఒక నెలకు నా దగ్గర మూడు అంకెలు ఉన్నాయి. ఏది నమ్మాలి? బిల్లు రాకముందే ఎంత వస్తుందో తెలుసుకునే దారి ఉందా? నెలకు 12,000 తేడా మాకు చిన్న విషయం కాదు.

రాత్రి షిఫ్టు
ఇది తేలిక. నెలలో మీరు వాడిన అత్యధికంలో 95 శాతానికి బిల్లు వేస్తారు. మీ అత్యధికం 501 అయి ఉంటుంది. అందులో 95 శాతం అంటే సరిగ్గా 476.

పద్మాక్షి గుట్ట
లేదు అన్నా, నవంబరులో అత్యధికం 742 వరకు వెళ్లింది. మీ లెక్క ప్రకారమైతే 705 రావాలి.

రాత్రి షిఫ్టు
అయితే నాకు కూడా అర్థం కాలేదు. చదువుతూ ఉంటాను.

నర్సంపేట నోడ్
నేను పదేళ్లుగా ఈ బిల్లుల పక్కనే పని చేస్తున్నాను, కొంతకాలం ప్రొవైడర్ వైపున కూడా. నాలుగు మాటల్లో చెప్పలేను, ఓపిగ్గా చదవండి.

ప్రొవైడర్ మీ పోర్టు మీద ఉన్న లెక్కింపు మీటరును ప్రతి 5 నిమిషాలకు ఒకసారి చదువుతాడు. గత 5 నిమిషాల్లో ఎన్ని బైట్లు వెళ్లాయో చూసి, దాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని మారుస్తాడు. గంటకు 12 రీడింగులు, రోజుకు 288, 30 రోజుల నెలకు 8,640. నెల పూర్తయ్యాక వాటన్నింటినీ పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా నిలబెడతాడు. పైనుంచి 5 శాతం, అంటే 432 రీడింగులు కొట్టేస్తాడు. ఆ తర్వాత నిలబడి ఉన్న 433వ రీడింగే మీ బిల్లు అంకె. రాత్రి షిఫ్టు గారు అనుకున్నట్టు ఎత్తులో 5 శాతం తగ్గించడం కాదు, వరుసలో 5 శాతం మందిని పక్కకు పంపడం.

432 రీడింగులంటే 36 గంటలు. ఆ 36 గంటల్లో మీరు 742 వాడినా, పోర్టు నిండా 1,000 వాడినా బిల్లుకు సంబంధం లేదు. అదే విధంగా తెల్లవారుజామున మీ లింకు 60 దగ్గర ఉన్నా, 10 దగ్గర ఉన్నా సంబంధం లేదు. అందుకే సగటు 214 అనే అంకెను ఈ విషయంలో పూర్తిగా మరిచిపోండి. అది రాత్రి నిద్రపోయిన గంటలను కూడా కలుపుకున్న అంకె.

ఇక 467 సంగతి. మీ గ్రాఫు ప్రోగ్రాము 5 నిమిషాల రీడింగులను కొద్ది రోజులే ఉంచుకుంటుంది. పాతబడే కొద్దీ వాటిని కలిపి సగటు తీసి దాస్తుంది. నెల గ్రాఫుకు వచ్చేసరికి సాధారణంగా ఒక్కో చుక్క రెండు గంటల సగటు. అంటే మీ దగ్గర 8,640 రీడింగులు లేవు, 360 చుక్కలే ఉన్నాయి. సగటు తీస్తే శిఖరాలు అరిగిపోతాయి. అరిగిన వాటి మీద పర్సంటైల్ తీస్తే చాలాసార్లు అసలు కంటే తక్కువే వస్తుంది. మీకు 9 తక్కువ వచ్చింది. ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉండే లింకు అయితే ఇంకా పెద్ద తేడా వస్తుంది.

కాబట్టి మొదటి పని: ప్రొవైడర్‌ను నవంబరు 5 నిమిషాల రీడింగుల ఫైలు అడగండి. అడిగితే ఇస్తారు.

పద్మాక్షి గుట్ట
ఈరోజే మెయిల్ పెడతాను. ఒక సందేహం. అక్టోబరుకీ నవంబరుకీ మాకు కొత్త కనెక్షన్లు పెద్దగా పెరగలేదు. మరి 40 ఎలా పెరిగింది?

జనగామ చౌరస్తా
మా ఇంట్లో కూడా ఇదే సమస్య. నెలకు 3,300 జీబీ అన్నారు, 20వ తేదీకే అయిపోయి వేగం తగ్గిపోతోంది. ఈ 36 గంటలు ఉచితం అనేది మాకు కూడా వర్తిస్తుందా? ఆ గంటల్లో సినిమాలు దింపుకుంటే లెక్కలోకి రాదా?

నర్సంపేట నోడ్
మీది వేరే లెక్క. మీకు నెలలో మొత్తం ఎంత దిగిందన్నది కొలుస్తారు. ఇక్కడ మొత్తం ఎంతన్నది ఎవరూ అడగరు, ఏ క్షణంలో ఎంత వెడల్పుగా వాడారన్నదే చూస్తారు. ట్యాంకు నీళ్ల లెక్క మీది, పైపు లావు లెక్క వీరిది.

కాజీపేట సిగ్నల్
నోడ్ గారు చెప్పింది సరే. దాన్నే ఇంకా సులువుగా చెప్తాను. 36 గంటలను 30 రోజులకు పంచితే రోజుకు 72 నిమిషాలు. అంటే ప్రతిరోజూ మీ గరిష్ఠ 72 నిమిషాలను తీసేస్తారు. మా హాస్టల్ లింకుకు నేను ఇలాగే చూస్తాను. రాత్రి 9 నుంచి 11 మధ్య గ్రాఫు చూసి, పై 72 నిమిషాలను వేలితో మూసి, మిగిలినదాని ఎత్తు చదువుతాను. బిల్లుకు రెండు మూడు ఎంబీపీఎస్‌ల తేడాలో దొరుకుతుంది. కాబట్టి ఒక రోజు ఎంత పెరిగినా నెల బిల్లు మారదు, ఆ రోజు 72 నిమిషాలు ఆ రోజుకే.

నర్సంపేట నోడ్
మొదటి సగం నిజం, చివరి వాక్యం ప్రమాదం. మీ హాస్టల్‌లో ప్రతిరోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి వేలితో మూసే పద్ధతి పని చేస్తోంది. కానీ ఒప్పందంలో రోజువారీ వాటా అంటూ ఏమీ లేదు. 8,640 రీడింగులన్నీ ఒకే కుప్ప. ఒక్క రోజు పెద్ద రీడింగులు 200 వస్తే, అవి మిగతా రోజుల 72 నిమిషాలను తినేస్తాయి. అప్పుడు మామూలు రోజుల్లో మీరు వేలితో మూసిన నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

గుట్ట గారూ, నవంబరులో ఏదైనా అసాధారణం జరిగిందా? 742 ఎప్పుడు వచ్చింది?

పద్మాక్షి గుట్ట
ఆ మాట అడగగానే గుర్తొచ్చింది. 9వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు రోడ్డు వెడల్పు పనుల్లో మా రెండో లింకు ఫైబరు తెగింది. 11వ తేదీ రాత్రి 11కు గానీ కలపలేదు. ఆ 57 గంటలూ రెండు లింకుల ట్రాఫిక్కూ మొదటి లింకు మీదే నడిచింది. కనెక్షన్లు ఆగలేదని సంతోషించాను. దానికి బిల్లు ఉంటుందని తోచలేదు.

వడ్డేపల్లి చెరువు
మన వైపు జేసీబీ డ్రైవర్లకు భూమిలో కేబుల్ ఎక్కడుందో మన మ్యాపుల కంటే బాగా తెలుసు.

మేడారం దారి
గుట్ట గారి కథ చదువుతుంటే నా 2024 ఫిబ్రవరి కళ్ల ముందుకు వచ్చింది. ములుగు జిల్లాలో మాకు ఒక చిన్న లింకు ఉంది. మామూలు రోజుల్లో సాయంత్రం 40 దాటదు. ఆ నెల 21 నుంచి 24 వరకు సమ్మక్క సారలమ్మ జాతర. దుకాణాలు, కెమెరాలు, వీడియోలు పంపేవారు, అందరూ మా లింకు మీదకే వచ్చారు. పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు 170, 180 దగ్గర నిలబడి ఉండేది. జాతర నాలుగు రోజులే కదా, నెలలో మిగతా 25 రోజులు 40 లోపే కదా అనుకున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులు. మొత్తం 8,352 రీడింగులు, అందులో 5 శాతం 417. గంటల్లో 34 గంటల 45 నిమిషాలు. జాతర రద్దీ నాలుగు రోజులూ కలిపి 56 గంటలు. 34 గంటలు తీసేసినా ఇంకా 21 గంటల జాతర మిగిలే ఉంది. నెల మొత్తానికి 171 చొప్పున బిల్లు వచ్చింది. 25 రోజుల నిశ్శబ్దానికి ఒక్క రూపాయి విలువ కూడా దక్కలేదు.

అప్పటి నుంచి ఇలాంటి రద్దీ వచ్చే నెలలో స్థిరమైన ధర మీద వేరే లింకు తీసుకుంటాను. పర్సంటైల్ లింకు మీద జాతర నడపను.

కాజీపేట సిగ్నల్
మేడారం దారి గారి అనుభవం చూశాక నా చివరి వాక్యం తప్పని ఒప్పుకుంటున్నాను. నాకు పరీక్షల సెలవులు తప్ప ఎగుడుదిగుడు ఉండదు, అందుకే తెలియలేదు.

పద్మాక్షి గుట్ట
ఫైలు వచ్చింది. మూడు నిలువు వరుసలు: సమయం, `in`, `out`. మాది దిగుమతి ఎక్కువ కాబట్టి రెండో వరుస తీసుకుని చిన్నదాకా పేర్చి 433వది చూశాను. 96 వచ్చింది. బిల్లు 476. ఇప్పుడు నా తల ఇంకా తిరుగుతోంది. వాళ్లు తప్పు చేశారా?

నర్సంపేట నోడ్
తప్పు కాదు. ఆ ఫైలు వాళ్ల పోర్టు వైపు నుంచి చూసి రాసింది. వాళ్లకు లోపలికి వచ్చేది మీ నుంచి బయటికి వెళ్లేది. మీ ఇళ్లు దింపుకునేదంతా వాళ్లకు `out`. సాధారణంగా రెండు దిక్కులకూ విడివిడిగా పర్సంటైల్ తీసి, ఏది పెద్దదైతే దానికి బిల్లు వేస్తారు. మూడో వరుస తీసుకోండి:

```
cut -d, -f3 nov.csv | sort -rn | sed -n '433p'
```

పద్మాక్షి గుట్ట
476.2. బిల్లుతో సరిపోయింది. మనసు కొంచెం కుదుటపడింది.

ఇంకొకటి కనిపించింది. ఫైబరు తెగింది మధ్యాహ్నం 2కు. ఫైలులో ట్రాఫిక్ ఒక్కసారిగా పెరిగింది 08:30 దగ్గర. గడియారం తప్పా?

నర్సంపేట నోడ్
బాగా పట్టుకున్నారు. వాళ్లు రీడింగులను యూటీసీ సమయంలో రాస్తున్నారు, మనకంటే ఐదున్నర గంటలు వెనుక. కాబట్టి వాళ్ల నవంబరు మన లెక్కలో 1వ తేదీ తెల్లవారి 5:30కు మొదలై డిసెంబరు 1 తెల్లవారి 5:30కు ముగుస్తుంది. ఆ వేళలో అందరూ నిద్రలో ఉంటారు గనక ఈసారి ఏ తేడా రాదు. ఫైబరు తెగడం నెలాఖరు రాత్రి జరిగి ఉంటే మాత్రం ఏ గంట ఏ నెలలో పడిందో చూడాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు కారణం నిర్ధారించుకుందాం. మామూలు రోజుల్లో మీ అత్యధికం ఎంత? దానికంటే పైన ఎన్ని రీడింగులు ఉన్నాయో లెక్కపెట్టండి. ఫైలులో మొదటి అడ్డు వరుస పేర్లు కాబట్టి దాన్ని వదిలేయాలి:

```
awk -F, 'NR>1 && $3>461' nov.csv | wc -l
```

461 స్థానంలో మీ అంకె పెట్టుకోండి.

పద్మాక్షి గుట్ట
మీరు ఊహించి రాసిన 461 ఎలా సరిపోయిందో గానీ, మామూలు రోజుల్లో అత్యధికం సరిగ్గా 461 అన్నా! దానిపైన 511 రీడింగులు ఉన్నాయి. అన్నీ 9, 10, 11 తేదీలవే.

నర్సంపేట నోడ్
ఊహ కాదు, మీ అక్టోబరు 436 చూసి సాయంత్రం శిఖరం దానికి కాస్త పైన ఉంటుందని వేశాను. సరిగ్గా తగలడం అదృష్టం. అన్నా కాదు, అక్కా అనండి.

511 రీడింగులంటే దాదాపు 42 గంటల 35 నిమిషాలు. తెగిన 57 గంటల్లో రాత్రి పడుకున్న వేళలు పోగా మిగిలిన రద్దీ అది. ఉచితమైన 432ను ఆ మూడు రోజులే పూర్తిగా తినేశాయి, ఇంకా 79 మిగిలాయి. 433వ రీడింగు కూడా ఆ రోజుల్లోనే పడింది. అందుకే 476.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఫైబరును 11వ తేదీ సాయంత్రం 4కే కలిపేశారనుకోండి. 4 నుంచి 11 వరకు 7 గంటలు, 84 రీడింగులు. వాటిని మామూలు రోజు అంకెలతో మార్చి మళ్లీ పేర్చండి.

పద్మాక్షి గుట్ట
మార్చాను అక్కా, క్షమించండి ఇంతసేపు అన్నా అన్నందుకు. 511లో 84 పోతే 427 మిగిలాయి. 433వది 459 వచ్చింది. అంటే ఆ ఏడు గంటల ఆలస్యం ధర 17 ఎంబీపీఎస్‌లు, 5,100 రూపాయలు!

నర్సంపేట నోడ్
దీంట్లో గమనించాల్సింది అదే. ఫైబరు తెగిన మొదటి 36 రద్దీ గంటలకు మీరు కట్టింది చాలా తక్కువ. మామూలుగా 436 దగ్గర ఉండాల్సింది 459, 460 వరకు జరిగింది, అంతే. ఎందుకంటే మీ సాయంత్రాలు చదునుగా ఉంటాయి, 72 నిమిషాల గీతకూ శిఖరానికీ పాతిక ఎంబీపీఎస్‌ల తేడాయే. శిఖరం ఎంత ఎత్తున్నా అంతకు మించి లాగలేదు. 36 గంటలు దాటాక మాత్రం అడ్డు తొలగిపోయింది. ఆ తర్వాత ఒక్కో రద్దీ గంటా బిల్లును పైకి తోస్తుంది. ఇంకో రోజు గడిచి ఉంటే 550 దాటేది.

వడ్డేపల్లి చెరువు
అయితే 36వ గంట రాగానే లింకును 460 దగ్గర బిగించేస్తే సరిపోయేది కదా? రౌటరులో ఒక్క వరుస మార్పు.

మేడారం దారి
ఒప్పుకోను. సాయంత్రం 700 కావాల్సిన చోట 460 ఇస్తే ప్రతి ఇంట్లో వీడియో ఆగిపోతుంది. 5,100 రూపాయలు మిగిలాయని కనెక్షన్లు పోగొట్టుకుంటే ఎలా? ఒక్కో ఇల్లు నెలకు ఎంత కడుతుందో లెక్క వేసుకోండి.

వడ్డేపల్లి చెరువు
అన్ని గంటలూ బిగించమనలేదు. పగటిపూట 480 దగ్గర ఉన్నదాన్ని 460కి తెస్తే ఎవరికీ తెలియదు. సాయంత్రం వదిలేయాలి.

నర్సంపేట నోడ్
సాయంత్రం వదిలేస్తే ఆ 84 రీడింగులూ కుప్ప పైభాగంలోనే ఉంటాయి. కానీ చెరువు గారి మాటలో నిజం ఉంది. 433వ స్థానాన్ని నిర్ణయించింది ఎత్తైన సాయంత్రాలు కాదు, 461కీ 480కీ మధ్య ఉన్న పగటి రీడింగులే. వాటిలో 80 దాకా 461 కిందికి తెచ్చి ఉంటే సరిపోయేది. అలా బిగించడం న్యాయమా కాదా అన్నది మీ ఊరి వినియోగదారులతో మీకున్న సంబంధం. నేను తీర్పు చెప్పలేను.

కరీంనగర్ కమాన్
గ్రాఫు, బిల్లు కుదరకపోవడానికి మా దగ్గర ఇంకో కారణం దొరికింది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మా గ్రాఫు ఎన్ని కనెక్షన్లు పెరిగినా 114 దాటేది కాదు. ఒక రోజు 90, ఒక రోజు 30, అర్థం లేని పళ్లచక్రంలా ఉండేది. బిల్లు మాత్రం 300 పైన. ప్రొవైడర్‌తో మూడు నెలలు పోట్లాడాను.

తప్పు నాదే. నా ప్రోగ్రాము `ifInOctets` అనే పాత 32 బిట్ల మీటరును చదువుతోంది. అది 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ సున్నాకు తిరుగుతుంది. 5 నిమిషాలకు ఒకసారి చదివితే అది చూపగలిగిన అత్యధికమే 114.5 ఎంబీపీఎస్. 300 వేగంలో అయితే రెండు నిమిషాలు కూడా గడవకముందే తిరిగిపోతుంది, మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికి తెలుసు? `ifHCInOctets` అనే 64 బిట్ల మీటరుకు మార్చగానే బిల్లుతో కుదిరింది. మీ గ్రాఫు 114 దగ్గర తల కొట్టుకుంటూ ఉంటే ముందు ఇదే చూడండి.

పద్మాక్షి గుట్ట
మాది 64 బిట్లదే, 742 కనిపించింది కదా. కానీ మంచి మాట చెప్పారు.

అక్కా, గతం అర్థమైంది. ఇప్పుడు డిసెంబరు నడుస్తోంది. నెల మధ్యలో ముందే ఎలా చెప్పాలి? ప్రొవైడర్ వెబ్‌సైటులో ఇప్పటివరకు పర్సంటైల్ అని ఒక అంకె చూపిస్తున్నారు, దాన్ని నమ్మవచ్చా?

నర్సంపేట నోడ్
నమ్మకండి. ఆ అంకె ఇప్పటివరకు వచ్చిన రీడింగుల్లో 5 శాతం కొట్టేసి చూపిస్తుంది. నవంబరు 11 రాత్రి చూసి ఉంటే, అప్పటికి 3,168 రీడింగులే, అందులో 5 శాతం 158. మీ 511 పెద్ద రీడింగుల్లో 159వది, బహుశా 600 పైన ఉండేది. మీరు భయపడిపోయేవారు. తర్వాత 19 రోజులూ అది మెల్లగా దిగి 476 దగ్గర ఆగేది.

దాని బదులు నెల చివర ఎన్ని కొట్టేస్తారో ముందే లెక్క వేసి, ఆ సంఖ్యతోనే మొదటి రోజు నుంచీ చూడండి. డిసెంబరుకు 31 రోజులు, 8,928 రీడింగులు, 5 శాతానికి 446. ఈరోజు వరకు ఉన్న రీడింగుల్లో 447వ పెద్దది ఎంతో చూడండి. నెల మొదట్లో అది చాలా చిన్నగా ఉంటుంది, రోజురోజుకూ పెరుగుతుంది, ఎప్పుడూ తగ్గదు. ఎందుకంటే కొత్త రీడింగులు వస్తే వరుసలో పైనున్నవి పెరుగుతాయే గానీ తగ్గవు. కాబట్టి అది మీ బిల్లుకు నేల. ఏం చేసినా బిల్లు దాని కిందికి రాదు.

పైకి ఎక్కడి దాకా వెళ్తుందో తెలియాలంటే మామూలు నెల గీత తీసుకోండి, మీకు 438 అనుకుందాం. ఆ గీత దాటిన రీడింగులను ప్రతిరాత్రి లెక్కపెట్టండి. రోజుకు 14 చొప్పున పోతుంటే నెలకు 434, అంటే 446 లోపే, బిల్లు 438 కిందే ఉంటుంది. ఒక రోజులోనే 100 ఖర్చయితే ఏడు రోజుల సరుకు ఒక్కరోజులో అయిపోయినట్టు. అప్పుడు మిగిలిన రోజులకు ఎన్ని ఉన్నాయో చూసుకోవచ్చు.

రాత్రి షిఫ్టు
ఇప్పుడు అర్థమైంది. 446 టోకెన్లు ఇచ్చారు, గీత దాటిన ప్రతి 5 నిమిషాలకూ ఒకటి ఖర్చు.

నర్సంపేట నోడ్
అవును. మీరు చెప్పిందే నా మాటల కంటే బాగుంది.

కాజీపేట సిగ్నల్
గుట్ట గారూ, మీరు ప్రతి నెలా 436 దాకా వెళ్తుంటే 400 కమిట్ ఎందుకు? 400కు 80,000, పైన 36కు 10,800, మొత్తం 90,800 కడుతున్నారు. 440కి కమిట్ తీసుకుంటే 88,000తో పోతుంది. నవంబరులో కూడా 98,800 అయ్యేది.

పద్మాక్షి గుట్ట
నిజమే, ఇన్నాళ్లూ గమనించలేదు. ఒప్పందం మార్చి వరకు ఉంది, మధ్యలో మార్చరట. అప్పుడు అడుగుతాను. పిల్లల సెలవుల్లో ఎండాకాలం ట్రాఫిక్ ఎటు పోతుందో కూడా చూసుకోవాలి. పెళ్లిళ్లకు ఊళ్లకు వెళ్లిపోయి కొన్ని వీధుల్లో సగం అవుతుంది.

ఇంకొక సందేహం. ఫైలులో 8,640 వరుసలు లేవు, 8,628 ఉన్నాయి. 24వ తేదీ రాత్రి ఒక గంట రీడింగులే లేవు. వాటిని సున్నా అనుకుంటారా, లేనట్టే అనుకుంటారా?

నర్సంపేట నోడ్
ఒక్కొక్కరు ఒక్కో విధంగా చేస్తారు. లేనట్టే అనుకుంటే 8,628లో 5 శాతం 431, మీ స్థానం 432వది అవుతుంది. సున్నా అనుకుంటే 433వదే. కొందరు మీటరు రెండు చివర్ల తేడాను ఆ గంటకు సమానంగా పంచుతారు. మీకు ఈసారి 432కీ 433కీ మధ్య తేడా ఎంత?

పద్మాక్షి గుట్ట
476.4, 476.2. ఏదైనా ఒకటే.

కరీంనగర్ కమాన్
ఒక గంటకు పర్వాలేదు. మా దగ్గర ఒకసారి రెండు రోజుల రీడింగులు లేవు. ప్రొవైడర్ లేనట్టే అన్నాడు, నేను సున్నా అన్నాను. ఒప్పందంలో ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పటికీ తేలలేదు. మీరు మార్చిలో కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ వాక్యం పెట్టించండి, రెండు దిక్కులను ఎలా కలుపుతారో కూడా రాయించండి. లోపలిదీ బయటిదీ కూడి బిల్లు వేసేవారు కూడా ఉన్నారు.

మేడారం దారి
ఫైబరు తెగింది రెండో ప్రొవైడర్‌ది కదా, మొదటి లింకులో పెరిగిన 12,000 వాళ్లను అడగవచ్చా?

పద్మాక్షి గుట్ట
అడిగాను. లింకు లేని 57 గంటలకు వాళ్ల అద్దెలో తగ్గిస్తామన్నారు. ఇంకొకరి బిల్లుకు తమకు సంబంధం లేదన్నారు. కోపం వచ్చింది గానీ ఒప్పందంలో ఉన్నది అదే. ఇలాంటప్పుడు ఎవరైనా రాబట్టగలిగితే చెప్పండి.

పద్మాక్షి గుట్ట
డిసెంబరు 15 రాత్రి లెక్క రాస్తున్నాను. గ్రాఫును నమ్మకుండా రీడింగులను ప్రతి 5 నిమిషాలకూ వేరే ఫైలులో దాస్తున్నాను. 400 దాటినవి 452. అంటే 446 అయిపోయాయి, నెల సగంలోనే కమిట్ దాటడం ఖాయమైంది. నేల ఈరోజు 401. 438 దాటినవి 209, రోజుకు 14 లోపే. ఇలాగే నడిస్తే నెలాఖరుకు 432, బిల్లు 437 దగ్గర ఆగాలి. 446లో ఇంకా 237 మిగిలి ఉన్నాయి, దాదాపు 20 గంటలు.

రేపటి నుంచి పరకాల రోడ్డులో మళ్లీ తవ్వకం మొదలవుతోందట. ఫైబరు పోయే చోట రాళ్లు పాతించడానికి పొద్దున్నే వెళ్తున్నాను.